గడప కంటే ఎత్తయిన రోడ్డు గురించి సంపాదకుడికి రాసేటప్పుడు

తమ్ముడూ,

పత్రికకు పంపాలనుకున్న ఉత్తరం నకలు అందింది. సాలిగ్రామంలో మీ వీధికి మళ్లీ తారు వేయబోతున్నారని మొదలుపెట్టి ఏడు వందల మాటలు దాటించావు. పత్రికవాళ్లు అడిగేది మూడు వందల లోపు. ఎక్కడ కోయాలో తెలియక టెన్షన్ పడుతున్నానన్నావు. కోయడం తర్వాత, ముందు అందులో ఎన్ని ఉత్తరాలున్నాయో చూడు. రోడ్డు ఎత్తు ఒకటి, మ్యాన్‌హోల్ పొంగడం ఒకటి, వీధి కుక్కలు ఒకటి, మధ్యలో 2015 చెన్నై వరదలు. రోడ్డు, వాననీటి కాలువ కార్పొరేషన్‌వి. మురుగేమో నీటి సరఫరా బోర్డయిన మెట్రోవాటర్‌ది. ఇంకాస్త పెద్ద రోడ్డయితే అది హైవేస్ శాఖది కూడా కావచ్చు. అన్నీ ఒకే ఉత్తరంలో పెడితే ప్రతి ఆఫీసూ ఇది పక్కవాళ్ల పని అనుకుంటుంది.

రోడ్డు ఎత్తు ఒక్కటే ఉంచు. మిగతావి చిన్నవని కాదు. తారు ఇంకా పడలేదు కాబట్టి నిర్ణయం మారడానికి వీలుంది. పొర పడిపోయాక రాస్తే అది ఫిర్యాదు. ఇప్పుడు రాస్తే వాదన.

నువ్వు పెద్దగా పట్టించుకోని విషయం ఒకటి ఆ నకలు రెండో పేజీ చివర్లో ఉంది. మీ నాన్నగారు ఇల్లు కట్టినప్పుడు రెండు మెట్లెక్కి లోపలికి వెళ్లేవారని, ఇప్పుడు వీధిలోంచి లోపలికి దిగుతున్నారని రాశావు. ఉత్తరం అక్కడే మొదలవ్వాలి. 'మీ ప్రతిష్ఠాత్మక పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తీసుకురాదలచి' అనే వాక్యాన్ని ఉత్తరాల పేజీ చూసే సబ్ ఎడిటర్ ఎలాగూ కొట్టేస్తాడు. మెట్ల మాట చదివితే ఆగుతాడు.

ఆ మాటకు ఒక కొలత తోడు కావాలి. 'చాలా ఎత్తు' అంటే ఇంజనీరు కాదనగలడు, అంగుళాల్లో చెబితే వచ్చి చూడాలి. మేస్త్రీలు వాడే నీటి ట్యూబు ఒకటి తెచ్చుకో. ఒక కొస హాలు గచ్చు దగ్గర, రెండో కొస గేటు ముందు రోడ్డు అంచున నిలబెట్టి, రెండు చోట్లా నీటి మట్టం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిస్తే తేడా తెలిసిపోతుంది. రోడ్డు మధ్యలో మాత్రం కొలవకు. నీళ్లు పక్కలకు జారాలని మధ్య భాగాన్ని కావాలనే ఎత్తుగా వేస్తారు. అక్కడ కొలిచావంటే అంకె పెద్దదే వస్తుంది, కానీ తెలిసినవాడు ఒక్క ప్రశ్నతో దాన్ని కొట్టిపారేస్తాడు. ఎక్కడ కొలిచావో కూడా ఉత్తరంలో రాయి.

కారణం ఒకట్రెండు వాక్యాల్లో చాలు. పాత తారు గీకకుండా దాని మీదే కొత్తది పరిస్తే, ఒక్కో పొర మూడు నాలుగు సెంటీమీటర్లే అయినా ఏళ్లు గడిచేసరికి అడుగు పెరుగుతుంది. కాలువలోకి పోవాల్సిన వాన ఇంట్లోకి తిరుగుతుంది. గీకి తీసే పనిని మిల్లింగ్ అంటారని నీకు తెలుసు, చదివేవాళ్లందరికీ తెలియదు. మొదటిసారి వాడినచోటే అదేమిటో చెప్పు.

కాంట్రాక్టరు, కౌన్సిలరు వాటాలు పంచుకున్నారని రాసిన పేరా మొత్తం తీసెయ్. రుజువు లేకుండా అలాంటి మాట వేస్తే పరువు నష్టం దావా నీ మీదికే కాదు, పత్రిక మీదికీ రావచ్చు. అందుకే ఆ పేరా ఉంటే ఉత్తరం మొత్తాన్నీ పక్కన పెట్టేస్తారు. అనుమానం ఉంటే దాన్ని కోరికగా మార్చు: ఎంత మందం గీకారో వీధి మొదట్లో బోర్డు మీద రాయమను. నిజాయితీగా చేసేవాడికి అది కష్టం కాదు. చేయనివాడు తప్పించుకోలేడు.

నకల్లో అసలు లేనిది అవతలివాళ్ల మాట. ఖర్చు ఎక్కువంటారు, సందు ఇరుకు, యంత్రం రాదంటారు. వాళ్లకంటే ముందు నువ్వే ఆ మాట ఎత్తి జవాబు చెప్పాలి. ఒప్పుకోవాల్సింది ఒప్పుకో కూడా. పైపుల కోసం తవ్వి పూడ్చినచోట రోడ్డు కుంగితే అక్కడ గీకడం కాదు, నింపడమే సరి. ఆ ఒక్క వాక్యం ఉంటే మొండిగా వాదించడం లేదని తెలుస్తుంది.

నీ మాటలతోనే ఇలా కూర్చి చూశాను. అంకె నువ్వు కొలిచాక మార్చుకో.

"సంపాదకుడికి, మా ఇల్లు కట్టినప్పుడు రోడ్డు మీంచి రెండు మెట్లెక్కి లోపలికి వెళ్లేవాళ్లం. ఇప్పుడు గేటు దగ్గర రోడ్డు అంచు మా గచ్చు కంటే రెండు అంగుళాలు ఎత్తు. ఇల్లు కుంగలేదు, రోడ్డే పెరిగింది. ఇదే వీధికి మళ్లీ తారు వేయడానికి కార్పొరేషన్ సిబ్బంది గుర్తులు పెట్టి వెళ్లారు. ముందు మిల్లింగ్ చేయాలని, అంటే పాత పొరను గీకి తీసేయాలని, ఎంత మందం తీశారో వీధి మొదట్లో బోర్డు మీద రాయాలని కోరుతున్నాం. ఇది కొత్త కోరిక కాదు. రోడ్ల ఎత్తు పెరగకుండా పాత పొర గీకాకే కొత్తది వేయాలని 2021లో రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి ఆదేశించారు. గీకడానికి ఖర్చవుతుందంటారు. గీకకపోతే ఆ ఖర్చు ఇంటింటికీ పడుతుంది: గచ్చు లేపుకోవాలి, గేటుకు అడ్డంగా గట్టు కట్టుకోవాలి, వానొస్తే మోటారు పెట్టి నీళ్లు తోడుకోవాలి. సందు ఇరుకైతే చిన్న యంత్రాలున్నాయి. తవ్వి పూడ్చినచోట కుంగిన భాగాన్ని నింపాల్సిందే, కాదనడం లేదు. మిగతా రోడ్డు మాత్రం ఇప్పుడున్న మట్టం దాటకూడదు."

మూడు వందల్లో సగం కూడా కాలేదు. మిగిలిన చోటును నింపాలని చూడకు. కావాలంటే కార్పొరేషన్ హెల్ప్‌లైన్ 1913కు ఫోన్ చేసి ఇచ్చిన ఫిర్యాదు నంబరు, తేదీ చేర్చు. అడిగినా పలకలేదనడానికి అదే సాక్ష్యం. కోరిక చివర్లో కాకుండా మధ్యలోనే వచ్చింది, గమనించావా? చోటు చాలకపోతే పత్రికలో సాధారణంగా కింది నుంచి కోస్తారు. చివరి మూడు వాక్యాలు పోయినా నువ్వు అడిగింది అచ్చులో ఉంటుంది.

ఏ పత్రికకు అన్నది కూడా ఆలోచించు. తెలుగు పత్రికలో వస్తే వీధిలో మనవాళ్లు చదివి నీ వెనక నిలబడతారు. జోన్ ఆఫీసు ఇంజనీర్లు చూసేది ఎక్కువగా తమిళ, ఇంగ్లిష్ పత్రికలే. వాళ్లను కదిలించాలంటే మీ పక్కింటి తమిళ మాస్టారిని తన గేటు దగ్గరి కొలతతో, తన మాటల్లో వేరే ఉత్తరం రాయమను. ఒకే ఉత్తరాన్ని రెండు పత్రికలకు పంపొద్దు. రెండు చోట్లా అచ్చయితే ఇద్దరూ ఇకపై నీ ఉత్తరాలు తీసుకోరు.

మెయిల్‌లో అటాచ్‌మెంట్‌గా కాకుండా నేరుగా పేస్ట్ చేసి పంపు. కింద పూర్తి పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఉండాలి. నిర్ధారణకు ఫోన్ చేస్తే ఎత్తు. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోపే ఈ పనులు ముగించాలని చూస్తారు కాబట్టి ఆదివారం దాకా ఆగకుండా కొలత తీసిన రోజే పంపించెయ్.

ఆశీస్సులతో,
అన్నయ్య
కోడంబాక్కం, చెన్నై