పన్ను రేటు పెరిగితే రాబడి ఎప్పుడు తగ్గుతుంది?

ప్రశ్న: పన్ను రేటు మరీ ఎక్కువైతే ప్రభుత్వానికి వచ్చే మొత్తం తగ్గిపోతుందని అంటారు. నిజంగా అలా జరుగుతుందా? జరిగిందని ఎలా తెలుస్తుంది?

జరుగుతుంది. అయితే జనం పని మానేయడం వల్లే తగ్గుతుందని అనుకుంటే అసలు విషయం చేజారిపోతుంది.

2009-10లో నేను బ్రిటన్‌లో ఒక చిన్న ఆడిటింగ్ సంస్థలో పనిచేశాను. ఏడాదికి 1,50,000 పౌండ్లు దాటిన ఆదాయంపై పన్నును 40 నుంచి 50 శాతానికి పెంచుతామని 2009 ఏప్రిల్ బడ్జెట్‌లో ప్రకటించారు. అమలు మాత్రం 2010 ఏప్రిల్ 6 నుంచి. డివిడెండ్లకు రేటు వేరైనా, పెంపు దానికీ వర్తించింది. ఇక ఆ మార్చిలో మా దగ్గరికి వచ్చిన కంపెనీ యజమానులందరిదీ ఒకటే ప్రశ్న: వచ్చే ఏడాది తీసుకోవలసిన డివిడెండును ఇప్పుడే తీసుకోవచ్చా? పంచడానికి తగిన లాభం పోగుపడి ఉంటే చట్టపరంగా అడ్డేమీ లేదు. బోర్డు తీర్మానం చేసి, ఏప్రిల్ 5 లోపు సొమ్ము చెల్లిస్తే సరిపోయేది. నెల జీతం మీద బతికేవారికి ఇలాంటి వెసులుబాటు లేకపోవడం అప్పుడే నన్ను బాధించింది, ఇప్పటికీ బాధిస్తుంది.

ఇలా మొత్తం 1,600 నుంచి 1,800 కోట్ల పౌండ్ల ఆదాయం ముందటి ఏడాదికి జరిగిపోయిందని బ్రిటన్ పన్నుల శాఖ 2012లో అంచనా వేసింది. కాబట్టి కొత్త రేటు వచ్చిన మొదటి ఏడాది లెక్కలు చూస్తే పెద్ద ఆదాయాలు ఒక్కసారిగా కుప్పకూలినట్టు కనిపిస్తాయి. అది చాలావరకు పన్ను పడే ఆదాయం కుంచించుకుపోవడం కాదు, తేదీ మారడం. 2013 ఏప్రిల్‌లో రేటును 45 శాతానికి తగ్గించినప్పుడు దీనికి తలకిందులుగా జరిగింది. కొందరు ఆదాయాన్ని ఆపి ఉంచి, తగ్గిన రేటు వచ్చాక తీసుకున్నారు. రేటు తగ్గించగానే రాబడి పెరిగిందని ఆ ఒక్క ఏడాదిని చూపించి వాదించేవారిని నేను నమ్మను. ప్రకటనకు ముందటి ఏడాది నుంచి మొదలుపెట్టి, మార్పు తర్వాత కనీసం మూడు నాలుగేళ్లు కలిపి చూడాలి. జీతాలనూ డివిడెండ్లనూ విడివిడిగా చూడాలి. డివిడెండ్లు మాత్రమే ఎగిరిపడి, జీతాలు నిలకడగా ఉంటే అది ఎక్కువగా తేదీల సర్దుబాటే.

తేదీల సంగతి పక్కన పెట్టినా కొంత నిజమైన నష్టం మిగులుతుంది. దాన్ని ఒక లెక్కతో చూపిస్తాను. రేటు 40 నుంచి 50 అయితే, పరిమితి దాటాక సంపాదించే ప్రతి 100 పౌండ్లలో మనిషికి మిగిలేది 60 నుంచి 50కి పడిపోతుంది. అందువల్ల పరిమితి దాటినవారందరి ఆదాయమూ 8 శాతం తగ్గిందనుకుందాం. 2,00,000 సంపాదించే వ్యక్తి పరిమితికి పైన ఉన్న 50,000 మీద ఇదివరకు 20,000 కట్టేవాడు. ఇప్పుడు అతని ఆదాయం 1,84,000. పైన ఉన్నది 34,000 మాత్రమే. 50 శాతం చొప్పున వసూలయ్యేది 17,000. రేటు పెరిగింది, ప్రభుత్వానికి 3,000 తగ్గింది. అదే 10,00,000 సంపాదించే వ్యక్తి అంతకుముందు 3,40,000 కడితే, ఆదాయం 9,20,000కు తగ్గాక కూడా 3,85,000 కడతాడు. అక్కడ 45,000 లాభం. రెండూ సరిసమానమయ్యే చోటు 2,50,000.

రేటు ఒకటే, ఆదాయంలో తగ్గుదలా ఒకటే. అయినా ఒకచోట నష్టం, మరొకచోట లాభం. పెంచిన రేటు పరిమితికి పైన ఉన్న ముక్క మీదే పడుతుంది, తగ్గుదల మాత్రం మొత్తం ఆదాయంలోంచి వస్తుంది. పరిమితిని కొద్దిగా దాటినవారు ఎక్కువమంది ఉన్న దేశంలో రాబడి త్వరగా దెబ్బతింటుంది. బ్రిటన్ విషయంలో 50 శాతం రేటు వల్ల అదనంగా వచ్చింది 100 కోట్ల పౌండ్లో అంతకన్నా తక్కువో అని, నష్టమే వచ్చి ఉండవచ్చునని కూడా ఆ శాఖ నివేదిక చెప్పింది.

రేటు పెరిగేకొద్దీ రాబడి మొదట పెరిగి, ఒక శిఖరం దాటాక తగ్గుతుందని చూపే గీత అమెరికా ఆర్థికవేత్త ఆర్థర్ లాఫర్ పేరుతో ప్రసిద్ధం. ఆ శిఖరం ఫలానా శాతం దగ్గర ఉంటుందని ఎవరైనా కచ్చితంగా చెబితే జాగ్రత్తపడండి. ఆ 8 శాతం అనేది ప్రకృతి నియమం కాదు. డివిడెండు తేదీ మార్చుకునే దారి, జీతాన్ని కంపెనీ లాభంగా చూపే దారి, పింఛను నిధిలోకి మళ్లించే దారి ఎంత తెరిచి ఉంటే అది అంత పెరుగుతుంది. పై లెక్కలో దాన్ని 4 శాతం చేసి చూడండి: 2,00,000 వ్యక్తి దగ్గర కూడా ప్రభుత్వానికి 1,000 లాభం వస్తుంది.