సైన్స్ డే ప్రసంగానికి ఒక గ్లాసు, ఒక కాగితం చాలు

"మా స్కూల్లో సైన్స్ డేకి ప్రారంభ ప్రసంగం నన్ను ఇవ్వమన్నారు. వినేది ఒకటి నుంచి నాలుగో తరగతి పిల్లలు. వాళ్లకి ప్రయోగాలంటే ఆసక్తి పుట్టాలంటే ఏం మాట్లాడాలి?"

మాటల సంగతి తర్వాత. ముందు ఒక పెద్ద గాజు గిన్నె, ఒక గాజు గ్లాసు, ఒక కాగితం సిద్ధం చేసుకోండి. స్టీలువి వద్దు, లోపల ఏం జరుగుతోందో పిల్లలకి కనిపించదు.

నేను ప్రైమరీ పిల్లలకి పాఠాలు చెబుతాను. ఒక సైన్స్ డే నాడు నా ప్రసంగం ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టాను. కాగితాన్ని ఉండ చుట్టి గ్లాసు అడుగున గట్టిగా కుక్కి, "ఈ గ్లాసుని తిరగేసి నీళ్లలో ముంచేస్తాను. కాగితం తడుస్తుందా, తడవదా? ఒక్కరే చెప్పకండి, అందరూ చేతులెత్తండి" అన్నాను. దాదాపు అందరూ తడుస్తుందనే చేతులెత్తారు. ఈ చేతులెత్తించే పని మాత్రం మానకండి. పిల్లవాడు తన అంచనా పైకి చెప్పాక, అది నిజమవుతుందో లేదో చూడాలన్న ఆత్రం వాడికే పుడుతుంది. ముందే జవాబు చెప్పేసి చూపిస్తే అది వట్టి ప్రదర్శన.

ముంచాను. తీసి చూస్తే కాగితం తడిసిపోయింది! ఇంట్లో పదిసార్లు బాగా వచ్చింది. నాకు ఒక్కసారిగా టెన్షన్ వచ్చేసింది. అప్పుడు ముందు వరుసలో రెండో తరగతి పాప లేచి, "టీచర్, గ్లాసు పక్కకి వంగింది. బుడగ వచ్చింది" అంది.

ఆ పాప సరిగ్గా చూసింది. గ్లాసు నిటారుగా దిగితే లోపలి గాలికి బయటికి దారి ఉండదు, అందుకని నీళ్లు లోపలికి రాలేవు. కాస్త వంగితే చాలు, గాలి బుడగలా పైకి పోతుంది, ఆ చోటులోకి నీళ్లు వస్తాయి. నేను ఇదంతా వివరించలేదు. "అయితే నిటారుగా ముంచి చూద్దామా?" అని గ్లాసు లోపల పొడిగా తుడిచి, కొత్త కాగితం పెట్టాను. తుడవకపోతే గోడకి అంటుకున్న చుక్కలే కాగితాన్ని తడిపేస్తాయి, పిల్లలు ప్రయోగం తప్పింది అనుకుంటారు. ఈసారి కాగితం పొడిగా వచ్చింది. హాలంతా ఒకటే అరుపులు.

అక్కడితో ఆపకండి. అడుగున బాల్‌పెన్ రీఫిల్ పట్టేంత చిల్లు పెట్టిన ప్లాస్టిక్ కప్పు ఒకటి ముందే ఉంచుకోండి. చిల్లు పెద్దవాళ్లే పెట్టాలి, సూది మొనంత చిన్నదైతే గాలి మరీ నెమ్మదిగా పోయి పిల్లలకి ఏమీ కనిపించదు. చిల్లుకి అడ్డం పడకుండా కాగితాన్ని లోపల కుక్కి, వేలితో చిల్లు మూసి, తిరగేసి ముంచండి. చిల్లు మాత్రం నీళ్లపైనే ఉండాలి. కాగితం తడవదు. ఇప్పుడు చిల్లు పైన పలచటి కాగితపు ముక్క పట్టుకోమని ఒకరిని పిలిచి, వేలు తీసేయండి. ముక్క రెపరెపలాడుతుంది, లోపల నీళ్లు పైకి ఎక్కుతాయి, కాగితం తడుస్తుంది. మార్చింది ఒక్క వేలే. ఒక్కటే మార్చి ఏం మారిందో చూడడాన్నే ప్రయోగం అంటారని అప్పుడు చెప్పండి, అప్పుడు వాళ్లకి అర్థమవుతుంది.

దయచేసి "ఇదిగో మేజిక్!" అనకండి. మా స్కూల్లో ఏటా ఎవరో ఒకరు అంటారు, నాకు కోపం వస్తుంది. మేజిక్ అన్నాక ఎందుకు అని అడగాల్సిన అవసరం పిల్లలకి ఉండదు. వేదిక మీద శాస్త్రవేత్తల పుట్టిన తేదీలు చదివే ప్రసంగాలూ అంతే. అయిదు నిమిషాలకి వెనక వరుసలు కబుర్లలో పడిపోతాయి.

ఒక ప్రశ్నకి మాత్రం సిద్ధంగా ఉండండి. నాలుగో తరగతి బాబు ఒకడు గ్లాసు పక్కకి వంగి చూసి, "నీళ్లు కొంచెం లోపలికి వెళ్లాయి కదా టీచర్?" అన్నాడు. "లేదు" అని కొట్టిపారేయకండి, వాడు చెప్పింది నిజం. లోతుకి వెళ్లేకొద్దీ నీళ్లు గాలిని నొక్కుతాయి. గిన్నెలో పది సెంటీమీటర్ల లోతుకి గాలి వందో వంతు మాత్రమే నలుగుతుంది, అంటే పది సెంటీమీటర్ల గ్లాసులో ఒక మిల్లీమీటరు. కాగితం అడుగున గట్టిగా ఉంది కాబట్టి తడవలేదు. అదే గ్లాసుని పది మీటర్ల లోతుకి దించితే సగం గ్లాసు నీళ్లతో నిండిపోతుంది. ఈ మాట చెప్పగానే ఆ బాబు, "అప్పుడు కాగితం తడుస్తుందా?" అన్నాడు. "అది కాగితం ఎంత పొడవు వేలాడుతుందో దాన్ని బట్టి. బొమ్మ గీసి చూడు" అన్నాను. మర్నాడు నోటుబుక్కులో రెండు గ్లాసుల బొమ్మలు గీసుకొచ్చాడు, ఒకదానిలో కాగితం నీళ్లకి పైన, రెండోదానిలో నీళ్లలో.