అర 'కి' అంటే ఎంత?

ప్రశ్న: చెన్నై మైలాపూర్‌లో ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతానండి. చూపులేని కస్టమరు ఒకావిడ అడిగితే ఆన్‌లైన్లో పెట్టే పోస్టర్లకు ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మలో ఏముందో చెప్పే మాటలు, రాయడం మొదలుపెట్టాను. "ఈ చిత్రంలో నోరూరించే కొత్త ఆవకాయ సీసా కలదు. ½ కి. రూ. 250/-. ఆది. ఉ. 10 - సా. 6" అని పెడితే విని ఆవిడ నవ్వారు. 'కలదు' బదులు 'ఉంది' అనాలా?

జవాబు: 'కలదు' బోర్డుల మీది భాష. 'ఉంది' అంటే నయమే కానీ, ఆ వాక్యానికి అసలు క్రియతో పనిలేదమ్మా. 'ఈ చిత్రంలో' కూడా తీసెయ్యండి. బొమ్మ దగ్గరికి రాగానే అది బొమ్మ అని, తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడరు తానే చెబుతుంది. మీరూ చెబితే రెండుసార్లు విన్నట్టే.

నవ్వు తెప్పించింది బహుశా పొడి అక్షరాలు. అవి కంటి కోసం పుట్టినవి. 'కి.' చూడగానే మన కన్ను కిలో అని పూరించుకుంటుంది. చదివే యంత్రానికి ఆ అలవాటు లేకపోతే 'అర కి' అంటుంది. తెలుగు చెవికి 'కి' అంటే విభక్తి: ఊరికి, ఇంటికి, అరకి! 'ఉ పది సా ఆరు' అంటే సంగీత పాఠంలా ఉంటుంది. ధర చివరి గీతలను కొన్ని గొంతులు పేరుపెట్టి చదువుతాయి, కొన్ని మింగేస్తాయి. కాబట్టి నోటితో ఎలా చెబుతారో అలాగే పూర్తిగా రాయండి. అంకెలు అంకెలుగానే ఉండొచ్చు.

మీ పోస్టరుకు నేనైతే ఇలా రాస్తాను: "కొత్త ఆవకాయ సీసా, మూతకు ఎర్ర గుడ్డ కట్టి ఉంది. పోస్టరు మీద రాసినది: అర కిలో 250 రూపాయలు. ఆదివారం ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు. కపాలీశ్వరర్ గుడి దగ్గర."

ఎర్ర గుడ్డ, గుడి సంగతి మీ పోస్టరు మీద ఉంటేనే సుమా. బొమ్మ మీద అచ్చయిన ప్రతి మాటా ఇందులోకి రావాలి, లేనిది రాకూడదు. 'నోరూరించే' పోస్టరు మీదిది కాకపోతే దాన్ని కింది క్యాప్షన్లో పెట్టుకోండి, అక్కడ ఎంత ఊరించినా తప్పులేదు. ఫోన్ నంబరు మాత్రం క్యాప్షన్లోనూ ఉండాలి. ఆల్ట్ టెక్స్ట్‌లోంచి నంబరు కాపీ చేసుకోవడం చాలా చోట్ల కుదరదు.

చిన్న వాక్యాలు, చివర చుక్క మరవకండి. వినేవాళ్ళకు ఆ చుక్కే ఊపిరి తీసుకునే చోటు. ఇంగ్లీషు లిపిలో తెలుగు రాస్తే ఇంగ్లీషు గొంతు అందుకుని 'ఆవకాయ'ను గుర్తుపట్టలేకుండా చేస్తుంది. తెలుగు లిపిలో రాసినా, వినేవారి ఫోన్లో తెలుగు గొంతు లేకపోతే మీ వైపు నుంచి చేయగలిగింది లేదు. హ్యాష్‌ట్యాగ్‌లో మాటలు కలిపేయక #కొత్త_ఆవకాయ అని మధ్యలో అండర్‌స్కోర్ పెట్టండి. ఇంగ్లీషులో మాట మొదట పెద్దక్షరం పెట్టి విడదీస్తారు, మనకు ఆ వసతి లేదు.

పోస్టు చేశాక మీ ఆండ్రాయిడ్ ఫోన్లోనే టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడరు పెట్టి, కళ్ళు మూసుకుని ఒకసారి వినండి. ఎక్కడ మీకు నవ్వొస్తే అక్కడ దిద్దండి.