రాగి జావ బయటికి తోసేస్తాంది

"పాపకు ఆరు నెలలు నిండినాయి, రాగి జావ పెడితే అంతా తోసేస్తాంది. శెనక్కాయ ఇప్పుడే పెట్టొచ్చా అక్కా?"

జావ పల్చగా ఉండుంటాది. స్పూన్ వంచితే ధారగా కారకుండా మెల్లగా జారేంత చిక్కగా ఉడికించు, రెండు మూడు స్పూన్లు చాలు.

శెనక్కాయ పెట్టొచ్చు, మన అనంతపురంలో ఏడాది దాకా ఆపేస్తారు, అది వద్దు. గింజలు మాత్రం పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

1. వేయించి పొట్టు తీసి మెత్తగా పొడి కొట్టి జావలో కలుపు.
2. పొద్దున పూట స్పూన్ కొసన కొంచెం నాకించి పది నిమిషాలు ఆగు, బాగుంటే మిగతాది పెట్టి రెండు గంటలు చూడు.
3. అందరూ మర్చిపోయేది ఇదే, ఒకసారి పడింది కదా అని ఆపకుండా వారానికి రెండు మూడుసార్లు పెడుతూనే ఉండాల.

దద్దుర్లు, వాంతులు వస్తే ఆపి డాక్టర్‌కు చూపించు, పెదాలు వాచినా ఆయాసం వచ్చినా వెంటనే 108. పాపకు గజ్జి మాదిరి ఎగ్జిమా ఎక్కువుంటే ముందే డాక్టర్‌ను అడుగు.