డెస్కులో చేరుతున్న అమ్మలుకు

చిరంజీవి అమ్మలుకు,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు పత్రికలో ట్రైనీ సబ్‌ఎడిటర్‌గా చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత డెస్కులో కూర్చునేది నువ్వే కదా అని పొంగిపోయాను. ప్రెస్‌నోట్లు తిరగరాయడం సాధన చేయడానికి పర్యాయపద నిఘంటువు కొన్నావని కూడా అన్నాడు. అప్పటినుంచి బెంగగా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

పేర్లు, అంకెలు మూలంతో సరిచూసుకో. ఒకరన్న మాటలను కొటేషన్‌లో ఇస్తే అక్షరం మార్చకు. ఇవి మొదటి రోజే నేర్పుతారు. నేను చెప్పేది వేరు.

నీకొచ్చిన కాగితంలో ఇలా ఉందనుకో: "1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ప్రాజెక్టు నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీటిని విడుదల చేశారు." నిఘంటువు పట్టుకుని కూర్చుంటే ఇలా తేలుతుంది: "1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన సాగర్ నిర్మాణం నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు జలాన్ని వదిలారు." ఏం మారింది చెప్పు? ముందు నెహ్రూ, వెనక ఇందిర, చివర నీళ్లు. వరుస అదే, 'చేసిన' అన్న విశేషణం బదులు 'వేసిన', అంతే. మూలం చదివినవాడు రెండో మాటకే పట్టేస్తాడు. పైగా 'నీరు' ఉన్నచోట 'జలం' వచ్చి వాక్యం బిగుసుకుపోయింది.

ఇప్పుడు కాగితం పక్కన పెట్టి, చదివే రైతుకు ముందు ఏం కావాలో ఆలోచించు. "సాగర్ కాలువల్లోకి నీరు వచ్చింది 1967 ఆగస్టు 4న. వదిలింది ఇందిరాగాంధీ. ఆమె తండ్రి నెహ్రూ ఆ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసి అప్పటికి పదకొండేళ్లు దాటింది." మాటలు చాలావరకు పాతవే. అయినా నీరు ముందుకు వచ్చింది, నెహ్రూ విశేషణంలోంచి బయటికి వచ్చి సొంత వాక్యంలో నిలబడ్డాడు, రెండు తేదీల మధ్య గడిచిన కాలం కంటికి కనిపించింది. నువ్వు విషయం అర్థం చేసుకున్నావని ఆ వరుసే చెబుతుంది.

పర్యాయపదాలంటే నాకు ఇంత భయం ఎందుకో కూడా విను. మా డెస్కులో ఒక కుర్రాడు ఉండేవాడు, చురుకైనవాడు. ఒక హత్యకేసు వార్తలో 'నిందితుడు' అన్న మాట నాలుగు చోట్ల వచ్చింది. ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తే బాగుండదని ఒకచోట 'హంతకుడు' అనీ, ఇంకోచోట 'దోషి' అనీ మార్చాడు. విచారణ ఇంకా మొదలే కాలేదు. కోర్టు తీర్పు చెప్పేవరకు ఎవరూ దోషి కారు, ఆ సంగతి ఆ పిల్లవాడికి తెలియక కాదు. కళ్లు మాట మీద ఉన్నాయి, మనిషి మీద లేవు. మర్నాడు నిందితుడి తల్లి పేపరు చేత్తో పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. ఆమె అరవలేదు. ఆ రెండు మాటల కింద గీత గీసి ఉన్న పేపరును టేబుల్ మీద పెట్టి, "తీర్పు ఎప్పుడు వచ్చిందయ్యా?" అని అడిగింది. సవరణ వేశాం. పరువు నష్టం దావా అంటూ లాయర్ నోటీసూ వచ్చింది. అమ్మలూ, ఆ వాక్యాలను విడదీసి, కలిపి రాసుకుని ఉంటే నాలుగుచోట్ల ఆ మాట అవసరమే పడేది కాదు. రెండు వాక్యాలను కలిపితే ఒక కర్త తనంతట తనే తగ్గిపోతాడు. 'అరెస్టు', 'అదుపులోకి తీసుకోవడం' కూడా ఇలాంటివే. ఒకదాని బదులు ఇంకొకటి రాశావంటే నేను ఒప్పుకోను.

వాక్యం మార్చడంలోనూ గోతులున్నాయి. "అధికారులు గేట్లు ఎత్తి నీరు పొలాల్లోకి వచ్చింది" అని రాస్తే తప్పు. 'ఎత్తి' అన్నాక కర్త మారకూడదు. 'ఎత్తడంతో' అని సరిదిద్దగానే వాక్యం కుదురుతుంది, కానీ గేట్లవల్లే నీరు వచ్చిందన్న కారణం కూడా అందులోకి చేరుతుంది. మూలంలో 'ఆ తర్వాత' అని మాత్రమే ఉంటే ఆ కారణం నువ్వు కల్పించినట్టే. పొలాల్లోకి నీరు రావడానికి వానే కారణమైతే గేట్లు ఎత్తిన ఆ అధికారులు ఏమైపోవాలి?

కాబట్టి రెండుసార్లు చదువు, మూసెయ్యి, ఎవరికి ఏం జరిగిందో నోటితో నాకు చెబుతున్నట్టు చెప్పుకో, అలాగే రాయి. తర్వాత మూలం తెరిచి ఎవరు, ఎప్పుడు, ఎందువల్ల అన్న మూడూ కలుస్తున్నాయో లేదో చూడు. మొదట్లో నెమ్మదిగా సాగుతుంది, పేజీ గడువు తరుముతుంది. గడువు మీద పడ్డ రోజున తేదీలు, పేర్లు సరిచూసి మూలవాక్యాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, ఏజెన్సీ పేరు వేసెయ్. పర్యాయపదాలు గుచ్చిన వాక్యం కన్నా అదే నయం.

ఈ వారం వచ్చిన ప్రెస్‌నోట్లలో ఒకటి, నువ్వు రాసినదీ రెండూ నాకు పంపు. రాత్రి డ్యూటీ ఉంటే అన్నం తినే వెళ్లు.

మీ అత్తయ్య