మేత యంత్రాన్ని కాపాడేది కాపీరైటా, పేటెంటా?

ప్రశ్న: మాది ఇందుకూరుపేట మండలం. రొయ్యల గుంటలో మేత చల్లే యంత్రం చేశాను. అది చెక్ ట్రేను పైకి లేపి తూస్తుంది. ట్రేలో మేత మిగిలి ఉంటే ఆ బరువుకు లోపలి మీట కదిలి, తర్వాతి విడత మేత దానంతటదే తగ్గుతుంది. ఐదు నెలల కింద మా బావ గుంటలో పెట్టి చూశాం, ఆ వీడియో యూట్యూబులో ఉంది. 'రొయ్యమేత' అని పేరు, లోగో, వాడే విధానం చెప్పే పుస్తకం సిద్ధం చేశాను. పక్క ఊరి వర్క్‌షాపు వాళ్లు ఇలాంటిదే చేసి అమ్ముతామంటున్నారు. కాపీరైట్ చేయిస్తే ఆగుతారా?

జవాబు: ఆగరు. మీ పుస్తకంలోని రాత, బొమ్మలు గీసిన రోజు నుంచే కాపీరైట్ కింద మీవి, రిజిస్ట్రేషన్ లేకపోయినా సరే. ఆ పుస్తకాన్ని ఎవరైనా జిరాక్సు తీసి అమ్మితే ఆపించవచ్చు. కానీ మీ డ్రాయింగు చూసి ఆ మీటను ఇనుముతో చేస్తే అది కాపీరైట్ ఉల్లంఘన కాదు. పనికొచ్చే పరికరంలో కేవలం పని కోసం ఉన్న భాగాన్ని సాంకేతిక డ్రాయింగు నుంచి తయారు చేయడాన్ని కాపీరైట్ చట్టం 52(1)(డబ్ల్యూ) మినహాయించింది. యంత్రం పనిచేసే తీరును కాపాడేది పేటెంటు ఒక్కటే.

పేటెంటుకు మీ అడ్డంకి వర్క్‌షాపు కాదు, మీ వీడియో. దరఖాస్తు తేదీకి ముందే లోకానికి తెలిసినది కొత్తది కాదు, తెలియజేసింది మీరే అయినా అంతే. బావ గుంటలో పెట్టి చూసినందుకు భయం లేదు. బయట పెట్టి చూస్తేగాని తేలని యంత్రాన్ని పరీక్ష కోసమే నడిపితే, ఆ తర్వాత ఏడాదిలోపు దరఖాస్తు చేసుకోవచ్చని పేటెంట్ చట్టం 32వ సెక్షన్ చెబుతోంది. యూట్యూబుకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఇప్పుడు తీసేసినా, పెట్టిన తేదీ చెరిగిపోదు.

అందుకే ముందు ఆ వీడియోను ఆపి ఆపి చూడండి. డబ్బా మూత మూసే ఉండి, మేత చిమ్మడం, ట్రే లేవడం మాత్రమే కనిపిస్తే, లోపలి మీట అమరిక ఇంకా బయటపడనట్టే. దాని మీద పేటెంటు అడగవచ్చు. మూత తీసి మీట చూపించి, ఎలా కదులుతుందో మీరే వివరించి ఉంటే, చూపించినంత వరకు హక్కు పోయింది. అప్పుడు వీడియో తర్వాత చేసిన మార్పులు ఏమైనా ఉంటే వాటి మీదే ఆశ. ఈలోగా ఒక్క యంత్రం కూడా అమ్మకండి. కొన్నవాడు మూత విప్పి చూడవచ్చు గనుక అదీ బయటపెట్టినట్టే అవుతుంది.

దరఖాస్తులో చాలామంది బోల్తాపడేది ఇంకోచోట. చల్లే యంత్రం పాతదే, త్రాసూ పాతదే. రెండింటినీ పక్కపక్కన పెట్టానన్నట్టు రాస్తే అదే చట్టం 3(ఎఫ్) కింద తిరస్కరిస్తారు. ట్రేలో మిగిలిన బరువు మీటను ఎంత కదిలిస్తుంది, ఆ కదలిక మేత తలుపును ఎంత మూస్తుంది అన్న లంకెను రాయాలి. ఉదాహరణకు ట్రేలో 50 గ్రాములు మిగిలితే తర్వాతి విడత ఎన్ని కిలోలు తగ్గిందో మీ గుంట లెక్కలతో చూపండి.

మన రాష్ట్రానికి చెన్నై పేటెంట్ ఆఫీసు. ఆన్‌లైన్‌లో వ్యక్తికి దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు. ఆలస్యం కాకుండా, ముందుగా తేదీ దక్కించే ప్రొవిజనల్ దరఖాస్తు వేసి, 12 నెలల్లో పూర్తి వివరణ ఇవ్వండి. ప్రొవిజనల్‌లో రాయని భాగానికి ఆ తేదీ దక్కదు, కాబట్టి మీట అమరిక అంతా బొమ్మలతో అందులోనే పెట్టండి. ప్రొవిజనల్ వేసిన తేదీ నుంచి 31 నెలల్లోపు 4,000 రూపాయలు కట్టి, దరఖాస్తును పరిశీలించమని పేటెంట్ ఆఫీసును కోరాలి. అది మరిస్తే దరఖాస్తు వదులుకున్నట్టే. ఒక సంగతి ముందే తెలుసుకోండి: పేటెంటు మంజూరయ్యేదాకా వర్క్‌షాపు మీద దావా వేయలేరు. మంజూరయ్యాక మాత్రం, దరఖాస్తు ప్రచురించిన రోజు నుంచి జరిగిన నష్టాన్ని అడగవచ్చు.

ఇక పేరు. 'రొయ్యమేత' అంటే సరుకేమిటో చెప్పే మాట, అందరిదీ. ట్రేడ్‌మార్క్ చట్టం 9వ సెక్షన్ కింద అభ్యంతరం వస్తుంది. మేతతో సంబంధం లేని పేరు వెతికి, యంత్రాలకు చెందిన 7వ తరగతిలో వేయండి. వ్యక్తికి ఆన్‌లైన్ ఫీజు 4,500, రిజిస్ట్రేషన్ పదేళ్లు, తర్వాత పొడిగించుకోవచ్చు. కానీ గుర్తుంచుకోండి, ట్రేడ్‌మార్క్ ఆపేది మీ పేరుతో అమ్మేవాణ్ణి. వేరే పేరుతో అదే యంత్రం చేసేవాణ్ణి కాదు.

లోగో గీసింది బయటి డిజైనర్ అయితే, డబ్బులిచ్చినంత మాత్రాన అది మీదైపోయిందనుకోకండి. హక్కులు మీకు బదిలీ చేస్తున్నట్టు అతని సంతకంతో కాగితం తీసుకోండి. అందులో కాలపరిమితి రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగానే లెక్కిస్తుంది. అందుకని 'కాపీరైట్ ఉన్నంతకాలం' అని రాయించండి.