టెక్ సందేహాలు: రెజ్యూమేలో ‘అడ్వాన్స్‌డ్ ఎక్సెల్’ అని ఉంటే నమ్మొచ్చా?

ప్రశ్న: మాది మందుల డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు. ఎంఐఎస్ పోస్టుకి వచ్చిన రెజ్యూమేల్లో దాదాపు అందరూ ‘అడ్వాన్స్‌డ్ ఎక్సెల్’ అని రాశారు. ఎవరికి నిజంగా వచ్చో ఇంటర్వ్యూకి పిలవకముందే తెలుసుకోవచ్చా?

జవాబు: చాలావరకు తెలుసుకోవచ్చు. స్కిల్స్ జాబితా వదిలేసి, పాత ఉద్యోగాల కింద ఏం రాశారో చూడండి. ఫార్ములా పేర్లు ఎవరైనా రాస్తారు. వాటితో ఏ డేటా మీద ఏం చేశారో రాయాలంటే ఆ పని చేసి ఉండాలి.

మీకు తెలిసిన పనే తీసుకుందాం. ఒకరు ‘జీఎస్టీ రీకన్సిలియేషన్‌కి VLOOKUP వాడాను’ అని రాశారనుకోండి. ఇంకొకరు ‘నెలకు సుమారు 3,000 కొనుగోలు బిల్లులను జీఎస్టీఆర్-2బితో సరిచూసేవాణ్ని. జీఎస్టీఐఎన్, బిల్లు నంబరు కలిపి కీ తయారుచేసి, తేడాలు సప్లయర్ల వారీగా ఇచ్చేవాణ్ని’ అని రాశారు. నేనైతే రెండో వ్యక్తినే ముందు పిలుస్తాను. 145 అనే బిల్లు నంబరు ఇద్దరు సప్లయర్ల దగ్గరా ఉండొచ్చు. VLOOKUP మొదట దొరికినదాన్నే తెస్తుంది కాబట్టి ఒకరి బిల్లుకి మరొకరి మొత్తం వచ్చి కూర్చుంటుంది, ఎర్రర్ కూడా చూపదు. అందుకే ముందు A కాలమ్‌లోని జీఎస్టీఐఎన్‌నీ, B కాలమ్‌లోని బిల్లు నంబరునీ కలపాలి:

```
=A2&"|"&B2
```

ఈ దెబ్బ తిన్నవాళ్లకే కీ గురించి రాయాలని తోస్తుంది. ఒకే బిల్లు రెండు పన్ను రేట్ల వల్ల రెండు వరుసల్లో ఉంటే SUMIFSతో కలిపానని రాసినా అంతే, పని తెలిసిన మనిషి.

తేదీలు కూడా చూడండి. XLOOKUPని మైక్రోసాఫ్ట్ 2019లో ప్రకటించింది. ఎక్సెల్ 2016, 2019 వెర్షన్లలో అది లేదు. 2017లో మానేసిన ఉద్యోగం కింద అది కనిపిస్తే తర్వాత అతికించినదే. ఒక షీట్‌లో 10,48,576 వరుసలే పడతాయి. ‘20 లక్షల వరుసల షీట్’ అన్నది కుదరని మాట, పవర్ క్వెరీతో చేశానంటే మాత్రం కుదురుతుంది.

కోచింగ్ సెంటర్ ఇచ్చే కోర్సు సర్టిఫికెట్‌కి నేను పెద్ద విలువ ఇవ్వను, చాలాసార్లు అది హాజరుకి ఇచ్చేదే. మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ ఎక్స్‌పర్ట్ పరీక్ష పాసైతే కొంత బరువుంది.

అయితే బాగా పనిచేసే అకౌంటెంట్లలో చాలామందికి రెజ్యూమే రాయడం రాదు. మంచి వాక్యాన్ని ఇంకొకరి రెజ్యూమే నుంచి ఎత్తేసేవాళ్లూ ఉంటారు. అనుమానం ఉంటే ఫోన్‌లో ఒక్కటి అడగండి: ‘సరిపోలని బిల్లులు ఎందుకు సరిపోలలేదు?’ పని చేసినవాళ్లు ఒకచోట నంబరు టెక్స్ట్‌గా ఉందనో, చివర స్పేస్ ఉందనో, సప్లయర్ రిటర్న్‌లో బిల్లు చూపలేదనో వెంటనే చెప్తారు. చేయనివాళ్లు ఫార్ములా ఎలా రాయాలో చెప్తారు.